కొత్త క్యాషియర్‌కి ట్రయల్ నెల లెటర్: గల్లా తేడా షరతు ఎలా రాయాలి?

గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న రెడీమేడ్ షాపుంది. కొత్తగా వచ్చే క్యాషియర్ అమ్మాయికి ఒక నెల ట్రయల్ అని లెటర్ రాస్తున్నా. జీతం 14,300, పొద్దున 10 నుంచి రాత్రి 7 దాకా, మధ్యలో గంట భోజనం, ఆదివారం సెలవు, నెల నిండకుండా తను మానేసినా మేం వద్దన్నా జీతాన్ని 26తో భాగించి పనిచేసిన రోజులకి రోజుకి 550 చొప్పున ఇచ్చేస్తాం అని రాశా.

చిక్కంతా గల్లాపెట్టె తేడా దగ్గరే. పొద్దున 2,000 చిల్లర ఇద్దరం లెక్కపెట్టి సంతకం పెడతాం. నగదు అమ్మకాలు 18,400, వాపసులు 600 అయితే రాత్రికి 19,800 ఉండాలి కదా, 19,300 ఉందనుకోండి. చాలాసార్లు అది పోయిన డబ్బు కాదు, ఫోన్‌పేలో కట్టిన బిల్లుని నగదు కింద కొట్టడమే, అప్పుడు ఆన్‌లైన్ లెక్కలో అదే 500 ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ముందు రెండూ పోల్చాలని రాశా.

నిజంగానే తగ్గితే? తన నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, కోసేముందు తన మాట వినాలి, అంతవరకు తెలుసు. కానీ భోజనం టైములో మా తమ్ముడు కూడా పెట్టె తెరుస్తాడు (వద్దంటే వినడు). అలాంటప్పుడు కోత షరతు పెట్టడం న్యాయమేనా? భోజనానికి వెళ్లేముందు, వచ్చాక కూడా లెక్కపెట్టి సంతకాలు చేయించే షాపులవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ మాట లెటర్‌లో ఎలా రాశారో చెప్పండి.