అప్‌డేట్: హజార్డ్, రిస్క్ ప్రశ్న తేలింది

నా ప్రశ్న: "మధ్యాహ్నం వండిన అన్నం రాత్రి దాకా బయటే ఉంది. ఇందులో హజార్డ్ ఏది? బ్యాక్టీరియానా, ఫ్రిజ్ లేకపోవడమా, కస్టమర్లకు వాంతులయ్యే అవకాశమా?"

సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్. పర్లాకిమిడిలో మా క్యాంటీన్‌కు వచ్చిన ట్రైనర్ గారు కూడా మీలో ఒకరు చెప్పిన దారే చూపించారు. ముందు "హాని చేసేది ఏది?" అని అడగాలి. ఇక్కడ అది బాసిల్లస్ సీరియస్ బ్యాక్టీరియా, అది వదిలే విషం. అదే హజార్డ్. ఫ్రిజ్ లేకపోవడం దానికి కారణం మాత్రమే. వాంతులయ్యే అవకాశం ఎంత, జబ్బు ఎంత తీవ్రం అని కలిపి చూస్తే అది రిస్క్.

అన్నం 60 డిగ్రీల పైన వేడిగా ఉంచితే రిస్క్ బాగా తగ్గుతుంది. కానీ హజార్డ్ పట్టికలోంచి పోదు, ఎందుకంటే ఈ బ్యాక్టీరియా గట్టి పొరతో తయారుచేసుకునే విత్తనాల్లాంటి స్పోర్లు ఉడికినా చావవు. నాకు బాగా ఉపయోగపడిన మాట ఇదే. "మళ్లీ వేడి చేస్తే చాలు" అనుకోవడం కూడా తప్పే. వాంతులు తెప్పించే విషం ఒకసారి తయారైతే వేడి చేసినా పోదు.

ఆహార భద్రత ప్రమాణం ఐఎస్ఓ 22000 క్లాజ్ నంబర్లు బట్టీ పట్టమని కొందరు ఇచ్చిన సలహా ఇలాంటి ప్రశ్నలకు అవసరం పడలేదు.