ఫిబ్రవరిలో తాళం వేసిన ఇల్లు ఎవరి లెక్కలోకి?

పాలమూరు_పిల్లగాడు: నారాయణపేట దగ్గర మా ఊళ్లో ఫిబ్రవరి వచ్చేసరికి చాలా ఇళ్లకు తాళాలే. 2027 జనాభా లెక్కలకు కూడా మార్చి 1నే తేదీగా పెట్టారు. పనికి పోయినవాళ్లను సొంతూరి లెక్కలోనే రాస్తే తప్పేంటి?

సికింద్రాబాద్_చారి: రాయరు. జనాభా లెక్కంటే ఒకే రాత్రి లెక్క. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటే అక్కడి మనిషివే.

విజయ_టీచర్: చారిగారూ, అది 1931తో పోయింది. ఇప్పుడు అలా రాసేది ఇల్లు లేనివాళ్లను మాత్రమే, ఫిబ్రవరి 28 రాత్రి.

2011లో నేను ఇల్లిల్లూ తిరిగి రాశాను. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, ఆ ఇరవై రోజుల్లో ఎప్పుడైనా తన ఇంట్లో ఉన్న మనిషిని అక్కడే రాయాలి, నేను వెళ్లిన రోజు లేకపోయినా సరే. మొత్తం ఇరవై రోజులూ లేనివాణ్ని ఎక్కడుంటే అక్కడ రాస్తారు.

ఒక ఇల్లు అనుకుందాం. అవ్వ, మనవడు ఊళ్లోనే ఉన్నారు. కొడుకూ కోడలూ దీపావళి తర్వాత పుణె వెళ్లి ఇటు రాలేదు. చిన్నకొడుకు 11న పెళ్లికొచ్చి, రెండ్రోజులుండి వెళ్లాడు. ఊరికి ముగ్గురు, పుణెకి ఇద్దరు. ఆ పెళ్లి మార్చి 15న అయ్యుంటే ఊరికి ఇద్దరే. మనుషులు వాళ్లే, అంకె మారింది.

మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగాం. నేను రాసి వెళ్లాక, ఫిబ్రవరి 28 అర్ధరాత్రి లోపు పుట్టినవాళ్లను కలిపాం, పోయినవాళ్లను కొట్టేశాం.

కూకట్‌పల్లి_సురేష్: నా ఆధార్, ఓటు రెండూ ఊళ్లోనే ఉన్నాయి, నాకు టెన్షన్ లేదు. 2014 ఆగస్టు 19 సర్వేకి బస్సులో నిలబడి మరీ ఊరెళ్లి రాయించుకున్నా.

విజయ_టీచర్: అది రాష్ట్రం చేసిన సమగ్ర కుటుంబ సర్వే బాబూ. జనాభా లెక్కల్లో ఆధార్ అడ్రసు చూసి రాయరు. మీరు కూకట్‌పల్లిలో ఉంటే అక్కడే లెక్క.

చారి: ఆ రోజు హైదరాబాద్ రోడ్లు ఖాళీ, గుర్తుందా? సొంతూరు ప్రకారం రాస్తామంటే జరిగేది అదే. అయినా ఆర్నెల్లు పుణె నీళ్లు తాగేవాణ్ని పుణెలో రాస్తే అన్యాయమేముంది?

పాలమూరు_పిల్లగాడు: మిగతా ఆర్నెల్లు తాగేది మా ఊరి నీళ్లే కదన్నా. పంచాయతీ నిధులకు ఎక్కువగా చూసేది ఆ అంకెనే.

విజయ_టీచర్: నా భయం వేరు. పుణెలో సైటు పక్క రేకుల షెడ్డుకి అక్కడి ఎన్యూమరేటర్ వెళ్లకపోతే ఆ ఇద్దరూ ఎక్కడా ఉండరు. అనుమానం ఎలా వస్తుందంటే, ఏడాది ముందు ఇళ్ల జాబితా రాసేటప్పుడు "ఈ ఇంట్లో మామూలుగా ఎంతమంది ఉంటారు" అని అడిగాం. ఆ అంకెకూ ఫిబ్రవరి అంకెకూ మధ్య తేడా చూడాలి. వలస వల్ల ఎంత, వదిలేయడం వల్ల ఎంత అన్నది మాత్రం ఆ తేడా చెప్పదు.

పాలమూరు_పిల్లగాడు: తేదీ ఉగాది తర్వాతకు జరపొచ్చు కదా మేడం? 1971లో ఎన్నికలని ఏప్రిల్ 1కి జరిపారు.

విజయ_టీచర్: మీవాళ్లు ఉగాదికి వస్తారు సరే, ఇటుక బట్టీలకు పోయినవాళ్లు వానలదాకా రారుగా.