ఏడు నెలలుగా వ్యూలు కదలని ఛానల్: బాగా ఆడిన వీడియోలనూ పడిపోయిన వీడియోలనూ ఎలా పోల్చాలి?

సైనిక్‌పురి మిద్దెతోట: మా మిద్దె తోట యూట్యూబ్ ఛానల్‌లో ఏడు నెలలుగా ప్రతి వీడియో రెండు, మూడు వేల వ్యూల దగ్గరే ఆగిపోతోంది. బాగా ఆడిన ఐదింటినీ, పడిపోయిన ఐదింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆడినవన్నీ పదిహేను నిమిషాలు దాటినవే. ఇకపై అన్నీ పొడవుగానే తీయాలా?

కెమెరాకన్ను: నిడివితో సంబంధం లేదండీ. థంబ్‌నెయిల్ చూసి జనం నొక్కకపోతే లోపల ఎంత మంచి విషయం ఉన్నా వృథాయే. మీ సీటీఆర్, అంటే వీడియో కనిపించిన ప్రతి వంద సార్లలో ఎన్నిసార్లు నొక్కారన్నది, ఎంతో చెప్పండి, జబ్బు అక్కడే బయటపడుతుంది.

అంకెలమనిషి: ముందు ఆ పది వీడియోలను ఎలా ఎంచుకున్నారో చెప్పండి. ఇప్పటివరకు వచ్చిన మొత్తం వ్యూలను బట్టి ఎంచుకుని ఉంటే, రెండేళ్ల కిందటి వీడియోను పోయిన నెల వీడియోతో పోల్చినట్టే. యూట్యూబ్ స్టూడియోలో అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి, ప్రతి వీడియోకూ మొదటి 28 రోజుల అంకెలనే తీసుకుని, జాబితాను మళ్లీ పేర్చండి. ఆ తర్వాత పడిపోయిన వాటిలో పదిహేను నిమిషాలు దాటినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గెలిచిన వాటిలో కనిపించే లక్షణం ఓడిన వాటిలోనూ అంతే కనిపిస్తే, దాన్ని గెలుపుకు కారణం అనలేము.

సైనిక్‌పురి మిద్దెతోట: మీరు చెప్పినట్టే చేశాను, జాబితాలో మూడు వీడియోలు మారిపోయాయి. పడిపోయిన ఐదింటిలో మూడు పదిహేను నిమిషాలు దాటినవే, కాబట్టి నా ఊహ తప్పింది. కొత్త జాబితా ప్రకారం ఆడినవి సగటున 1,40,000 సార్లు జనం కళ్ల ముందుకు వెళ్లాయి, సీటీఆర్ 4.6 శాతం. పడిపోయినవి సగటున 9,000 సార్లే వెళ్లాయి. ఒక్క మిరప వీడియోను మినహాయిస్తే వాటి సీటీఆర్ 7.8 శాతం ఉంది.

కెమెరాకన్ను: పడిపోయిన వాటికి సీటీఆర్ ఎక్కువ ఉండటమేమిటి? మీరు రెండు వరుసలనూ తారుమారు చేసి ఉంటారు, మరోసారి చూడండి.

అంకెలమనిషి: తారుమారు కాలేదు, అలాగే ఉంటుంది. తొమ్మిది వేల సార్లు కనిపించిన వీడియో చాలావరకు మిమ్మల్ని ముందే ఎరిగిన వాళ్ల తెర మీదే కనిపించి ఉంటుంది, వాళ్లు మీ పేరు చూసే నొక్కుతారు. లక్షా నలభై వేల సార్లు వెళ్లిన వీడియోను మీరెవరో తెలియని వాళ్లకు కూడా హోమ్ పేజీలో చూపించారు కనుక శాతం తగ్గింది. సగం ఛానళ్లకు, వీడియోలకు సీటీఆర్ 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది, అందువల్ల ఒంటరిగా ఆ అంకెను చూసి మంచీ చెడూ తేల్చలేము. ఈ అంకెలను బట్టి చూస్తే, పాతవాళ్లను దాటి కొత్తవాళ్ల దగ్గరకు మీ వీడియోలు వెళ్లడం ఆగిపోయినట్టుంది. ఇప్పుడు ప్రతి వీడియో రిటెన్షన్ రిపోర్టులో ముప్పయ్యో సెకను దగ్గర ఎంతమంది మిగిలారో చూసి చెప్పండి, ట్రాఫిక్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పండి.

వంటింటి వాణి: నా అనుభవం చెబుతాను. థంబ్‌నెయిళ్లు చేసే ఒకరికి నెలకు ఆరు వేల చొప్పున ఐదు నెలలు ఇచ్చాను. నొక్కేవాళ్లు నిజంగానే పెరిగారు, కానీ బొమ్మలో చూపించిన కూర వీడియోలో ఎనిమిదో నిమిషానికి గానీ రాకపోవడంతో వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు, చివరికి వ్యూలు ముందుకంటే తగ్గాయి. డబ్బు తిరిగి అడిగితే ఫోన్ ఎత్తలేదు. అందుకే థంబ్‌నెయిల్ మాట వింటేనే నాకు కోపం వస్తుంది.

కెమెరాకన్ను: మీరు మోసపోయినంత మాత్రాన థంబ్‌నెయిల్ పనికిరానిది అయిపోదు కదండీ.

సైనిక్‌పురి మిద్దెతోట: చూశాను. ఆడిన వాటిలో ఒకదానికి వచ్చిన 11,200 వ్యూలలో ఏడు వేలు వాట్సాప్ నుంచే వచ్చాయి. మిగిలిన నాలుగింటిలో ముప్పయ్యో సెకనుకు సగటున 71 శాతం మిగిలారు, పడిపోయిన వాటిలో 48 శాతమే. మిరప వీడియో మాత్రం వేరుగా ఉంది. అందులో 70 శాతం మిగిలినా సీటీఆర్ 2.1 శాతమే.

అంకెలమనిషి: ఎవరో ఒక గ్రూపులో పంచుకోవడం మీరు మళ్లీ చేయగలిగిన పని కాదు కనుక వాట్సాప్ వీడియోను పక్కన పెట్టండి. మిగిలినవి నేనూ చూశాను. టమాటా ఆకుముడత వీడియో మొదటి సెకనులోనే ముడుచుకున్న ఆకును తిప్పి, కింద ఉన్న తెల్లదోమను చూపించి, వైరస్‌ను మోసుకొచ్చేది ఇదేనని చెబుతుంది. పడిపోయిన నాలుగింటిలో నమస్కారం, వాతావరణం, మిద్దె చుట్టూ ఒక ప్రదక్షిణ, సబ్‌స్క్రైబ్ చేయమన్న విన్నపం అన్నీ అయ్యేసరికి యాభై సెకన్లు గడిచిపోయాయి. మిరప వీడియోలో లోపం ఇది కాదు. తామర పురుగు గురించి అంత చక్కగా చెప్పి, దానికి ‘మా తోట ముచ్చట్లు 9’ అని పేరు పెట్టారు. ఆకులు ముడుచుకుపోతున్న మిరప మొక్కను ముందు పెట్టుకుని దిగులు పడుతున్న మనిషికి ఆ పేరులో ఏం కనిపిస్తుంది? దానికి పేరు, బొమ్మ మారిస్తే చాలు. మిగిలిన నాలుగింటి ఆరంభాన్ని ఇప్పుడు బాగుచేయలేము, ఆ పాఠం రాబోయే వీడియోలకే ఉపయోగపడుతుంది.

ఉప్పల్‌వాసి: టమాటా వీడియో ఎండాకాలంలో వచ్చింది. తెల్లదోమ బెడద ఎక్కువగా ఉండే రోజులవి. ఆడింది ఆరంభం వల్లా, కాలం వల్లా?

అంకెలమనిషి: న్యాయమైన ప్రశ్న, పది వీడియోలతో దాన్ని విడదీయలేము. మధ్యస్థంగా ఆడిన ఇరవై వీడియోలలో కూడా ఆరంభాన్ని చూస్తే కొంత తెలుస్తుంది. నా వరకు ‘ముచ్చట్లు’ వరుసను పూర్తిగా ఆపేయడమే మంచిదనిపిస్తోంది.

సైనిక్‌పురి మిద్దెతోట: అంత తేలికగా ఎలా అంటారు? ఆ వీడియోల కింద ప్రతి వారం మూడు వందల మంది మాట్లాడుకుంటారు. వారిలో చాలామంది పదవీ విరమణ చేసినవారు. మా అమ్మగారు చనిపోయిన నెలలో వీడియో రాకపోతే ఒకరు వెతుక్కుంటూ ఇంటికి వచ్చారు. మీ అంకెలలో వాళ్లు ఎక్కడున్నారు?

కెమెరాకన్ను: అలాంటప్పుడు వ్యూలు పెరగడం లేదని ఇక్కడికి ఎందుకు వచ్చారండీ? మీకు కావలసింది పెరుగుదలా, పరిచయమా?

సైనిక్‌పురి మిద్దెతోట: రెండూ కావాలి. అలా కోరుకోవడం తప్పని మీరు అంటే నేను ఒప్పుకోను.

అంకెలమనిషి: తప్పనడం లేదు, నా మాట కటువుగా వచ్చింది, మన్నించండి. మీరు అసలు ఎవరికోసం తీస్తున్నారో నేను మొదటే అడగాల్సింది. అయినా ‘ముచ్చట్లు’ కొత్తవాళ్లను తెస్తాయన్న ఆశ మాత్రం వదులుకోవాలని ఇప్పటికీ అంటాను.

వంటింటి వాణి: ఆదివారం ముచ్చట్లు, బుధవారం ఒక మొక్క జబ్బు పెట్టుకుని, రెండింటినీ వేర్వేరుగా లెక్క వేసుకుంటే సరిపోదా?

సైనిక్‌పురి మిద్దెతోట: అలాగే చేస్తాను. బుధవారం వీడియోలు ఆరు వచ్చేదాకా ఆరంభం తప్ప మరేదీ మార్చను. మిరప వీడియోకు ‘మిరప ఆకులు పైకి ముడుచుకుంటున్నాయా? తామర పురుగు ఇలా కనిపిస్తుంది’ అని పేరు మార్చి మూడు రోజులైంది. సీటీఆర్ 2.1 నుంచి 2.3కే కదిలింది, ఇదేనా ఫలితం?

అంకెలమనిషి: అందులో పాత పేరుతో కనిపించిన వేల సార్లు కూడా కలిసి ఉన్నాయి. తేదీలను పేరు మార్చిన రోజు నుంచి మాత్రమే పెట్టి, కనీసం రెండు వారాలు గడిచాక చూడండి.