3 మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాస్తే 1 మార్కు వేశారు, ఇదేం లెక్క?

నిద్రలేని రాత్రి: ప్రశ్న ఇది: "గాఢమైన ఉప్పు ద్రావణంలో ఉంచిన మొక్క కణంలో ఏం జరుగుతుంది? కారణం వివరించండి." పక్కన 3 మార్కులు. ద్రవాభిసరణ నిర్వచనం, ఎవరెవరికి ఎలా ఉపయోగం, రెండు బొమ్మలు కలిపి పేజీన్నర నింపాను. వచ్చింది 1. పైగా చివరి 8 మార్కుల ప్రశ్నకు టైమ్ చాలలేదు. అసలు మార్కుకు ఎన్ని లైన్లు రాయాలి? బొమ్మ అడగకపోయినా వేయాలా?

గడియారం: మార్కుకు రెండు లైన్లు, అంతే. నేను ఎప్పుడూ ఇదే లెక్క. 3 మార్కులంటే ఆరు లైన్లు.

ఎర్రపెన్ను: లైన్ల లెక్క ఎక్కడిది బాబూ? ఒకరి అక్షరాలు పెద్దవి, ఒకరివి చిన్నవి. ఏళ్ల తరబడి పేపర్లు దిద్దుతున్నాను, లైన్లు లెక్కపెట్టిన రోజు లేదు. నా చేతిలో ఉండే స్కీమ్‌లో ఇలాంటి ప్రశ్నకు మూడు విషయాలుంటాయి. బయట ఉప్పు ఎక్కువ, అంటే నీటి గాఢత లోపలికంటే తక్కువ. అందుకే అర్ధ పారగమ్య పొర గుండా నీరు లోపలి నుంచి బయటికి పోతుంది. దాంతో లోపలి జీవపదార్థం ముడుచుకుని, పొర కణకవచం నుంచి విడిపోతుంది. ఒక్కో దానికి ఒక్కో మార్కు. నీరు ఎటు నుంచి ఎటు పోయిందో మీ పేజీన్నరలో ఉందా?

నిద్రలేని రాత్రి: "ద్రవాభిసరణ వల్ల కణం ముడుచుకుంటుంది" అని రాశాను సార్. దిక్కు విడిగా రాయలేదు. నిర్వచనంలో ఉంది కదా అనుకున్నా.

ఎర్రపెన్ను: నిర్వచనం ఎవరూ అడగలేదు. ముడుచుకుందని రాశారు కాబట్టి ఆ 1 పడింది. "ఎందుకు" అన్న దానికి రెండు మార్కులున్నాయి, అవి పోయాయి.

కోచింగ్ కుర్రాడు: సార్ చెప్పింది సైన్స్‌కే. సాహిత్యం ప్రశ్నకు 8 మార్కులంటే ఎనిమిది పాయింట్లు పెడితే ఎవరూ 8 వేయరు. అక్కడ వాదన ఎంత దూరం తీసుకెళ్లావు, మూలంలోంచి ఆధారం చూపించావా అనేది చూసి మొత్తం జవాబుకు కలిపి మార్కులు వేస్తారు. రెండు విషయాలు లోతుగా రాసినవాడికి ఆరు విషయాలు పైపైన రాసినవాడికంటే ఎక్కువ పడ్డ సందర్భాలు చూశాను.

ఎర్రపెన్ను: ఒప్పుకుంటాను. వ్యాసాల దగ్గర నా లెక్క పనిచేయదు.

చిట్టి డైరీ: నా గోడు వినండి. "ఏవైనా రెండు కారణాలు రాయండి, 2 మార్కులు" అంటే నాలుగు రాశాను, సేఫ్‌గా ఉంటుందని. మొదటిది తప్పు, మిగతా మూడూ కరెక్ట్. 1 మార్కే వేశారు! మూడు కరెక్ట్ ఉన్నాయి కదా, ఇది అన్యాయం కాదా?

గడియారం: అన్యాయమే. రెండు కరెక్ట్ కనిపిస్తే 2 వేయాలి.

ఎర్రపెన్ను: రెండు అడిగితే మొదటి రెండే చూడమని ఉంటుంది చాలా స్కీముల్లో. లేకపోతే ప్రతివాడూ పది రాసి "మీరే ఏరుకోండి" అంటాడు.

గడియారం: మా మేడమ్ మంచి రెండూ ఏరి మార్కులు వేసేవారు. మీరు మాత్రమే నిక్కచ్చిగా ఉన్నారు.

ఎర్రపెన్ను: మీ మేడమ్ దయగలవారు, సంతోషం. ఆ దయ నమ్ముకుని నాలుగు రాయమని పిల్లలకు చెప్పకండి.

కోచింగ్ కుర్రాడు: గొడవ ఆపండి. ఇంకో రకం నష్టం కూడా ఉంది. ఉప్పు ప్రశ్నకే "నీరు బయటికి పోతుంది" అని సరిగా రాసి, పేజీ నింపడానికి కింద "ఉప్పునీరు లోపలికి వస్తుంది" అని కలిపితే, రెండూ ఒకదానికొకటి అడ్డం కాబట్టి ఆ మార్కు కొట్టేసేవాళ్లున్నారు. రాయకుండా ఉంటే దక్కేది.

చిట్టి డైరీ: అందరూ కొట్టేయరులే. నాకు ఒకసారి వేశారు.

అటక మీద పుస్తకం: అందరూ టైమ్ వదిలేశారు. 3 గంటల పేపర్, 80 మార్కులు అనుకోండి. చదువుకోడానికీ, చివర్లో సరిచూసుకోడానికీ 20 నిమిషాలు తీస్తే 160 మిగులుతాయి, మార్కుకు 2 నిమిషాలు. 3 మార్కుల దానికి 6 నిమిషాలు. ఆ పేజీన్నరకు, బొమ్మలతో కలిపి, పావుగంటైనా పట్టి ఉంటుంది. 8 మార్కుల ప్రశ్నకు ఇవ్వాల్సిన 16 నిమిషాల్లో సగం అక్కడే పోయింది.

గడియారం: అందుకే నేను పెద్ద ప్రశ్నలే ముందు రాస్తా.

అటక మీద పుస్తకం: పెద్దది ముందు రాసి దానికే గంట పెట్టేవాళ్లు ఉన్నారు. ముందా వెనకా కాదు, 16 నిమిషాలు కాగానే ఆపి, కింద కాస్త జాగా వదిలి వెళ్లగలరా?

నిద్రలేని రాత్రి: 8 మార్కుల పక్కన "2+6" అని ఉంది. మొదటి భాగానికే పేజీ రాశాను. ఇప్పుడు అర్థమవుతోంది అక్కడేమైందో. రీవాల్యుయేషన్‌కి పెట్టమంటారా?

ఎర్రపెన్ను: రెండో భాగం రాశారా లేదా ముందు చెప్పండి.