అప్‌డేట్: అమ్మ పాత సామాన్లు పారేయనివ్వదు

నేను అడిగింది: "ఖాళీ సీసాలు, తాడు ముక్కలు, పాడైన గడియారాలు అమ్మ అటక మీద దాస్తోంది. ఇది జబ్బా?"

మానసిక వైద్యురాలిని కలిశాం. ఎన్ని వస్తువులున్నాయని ఆవిడ అడగలేదు. పొయ్యి మీద వంట చేయగలుగుతున్నారా, మంచం మీద పడుకోగలుగుతున్నారా, దారి ఖాళీగా ఉందా అని అడిగారు. ఒకే గది క్రమంగా నిండిపోతున్నట్టు చూపే 9 ఫొటోలు ముందు పెట్టి, మా గదులకు దగ్గరగా ఉన్నవి చూపమన్నారు. 4వది లేదా ఆపైది అయితే పట్టించుకోవాలట. మా వంటిల్లు 2 దగ్గర ఆగింది. అటక నిండినా గదులు గదులుగానే ఉన్నాయి, కాబట్టి ఇది మామూలు అలవాటే అన్నారు.

వస్తువులు పారేయలేక పోగేసుకునే జబ్బును హోర్డింగ్ డిజార్డర్ అంటారు. మానసిక రుగ్మతల్ని గుర్తించడానికి వైద్యులు వాడే అమెరికా పుస్తకం డీఎస్‌ఎమ్-5లో 2013 నుంచి అది ప్రత్యేక రుగ్మత. పారేయాలంటే తీవ్రమైన బాధ, గదులు వాడుకోలేనంత పోగు ఉంటేనే ఆ పేరు పెడతారు. మలివయసులో హఠాత్తుగా మొదలై, మతిమరుపు కూడా తోడైతే మాత్రం జ్ఞాపకశక్తి పరీక్ష తప్పనిసరి అన్నారు.

నేను చేసిన తప్పొకటి చెప్పాలి. అమ్మకు చెప్పకుండా ఒక సంచి పారేశాను, అందులో నాన్న విరిగిన కళ్లజోడు ఉంది. ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నిన్న తనే కూర్చుని సీసాలు ఏరింది. పదకొండు ఇచ్చేసింది, మూడు ఉంచుకుంది.