టీవీని రెండో మానిటర్‌గా పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి: టీవీ తప్పా, సెట్టింగ్ తప్పా?

పద్దుల పని: ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను. 43 అంగుళాల 4కె టీవీని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాను. ఎక్సెల్‌లో నల్ల అంకెలు పర్వాలేదు కానీ ఎర్ర అంకెలు అలుక్కుపోయినట్టున్నాయి. కింద టాస్క్‌బార్ సగం తెగిపోయింది. సినిమా పెడితే మాత్రం అద్దంలా ఉంది. టీవీ అంటే ఇంతేనా, మానిటర్ కొనాల్సిందేనా?

కేబుల్ బాబాయ్: కేబుల్ మార్చండి. చవక కేబుల్‌తో 4కె రాదు. మంచిది తెచ్చుకుంటే అక్షరాలు మెరుస్తాయి.

స్క్రీన్ మేస్త్రీ: కేబుల్ పాడైతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, నల్లబడుతుంది, చుక్కలు మెరుస్తాయి. ఎర్ర అంకెలు మాత్రమే అలుక్కుపోవు. ఆ ఒక్క గుర్తుతోనే జబ్బు తెలిసిపోతోంది.

టీవీకి వెళ్లే సిగ్నల్‌లో వెలుగు ఒక భాగం, రంగు ఇంకో భాగం. సినిమాకి రంగు వివరం తక్కువున్నా కంటికి తెలియదు కాబట్టి, 4:2:0 పద్ధతిలో నాలుగు పిక్సెల్‌లకి కలిపి ఒకే రంగు పంపిస్తారు. వెలుగు మాత్రం ప్రతి పిక్సెల్‌కీ విడిగా వెళ్తుంది. తెల్ల కాగితం మీద నల్ల అంకెకి వెలుగే చాలు, అందుకే అది బాగుంది. ఎర్ర అంకె గీత సన్నగా ఉంటుంది, దాని రంగు పక్క పిక్సెల్‌లలోకి పాకుతుంది. నీలం మీద ఎరుపుతో నాలుగు అక్షరాలు టైప్ చేసి చూడండి, ఇంకా ఘోరంగా కనిపిస్తుంది.

ముందు విండోస్‌లో Advanced display తెరిచి Color format దగ్గర ఏముందో చూడండి. YCbCr420 అని ఉంటే టీవీలో ఆ పోర్టుకి పూర్తి సిగ్నల్ తీసుకునే సెట్టింగ్ ఆపేసి ఉండొచ్చు. శాంసంగ్‌లో దాని పేరు Input Signal Plus, ఎల్‌జీలో HDMI Ultra HD Deep Colour. అది ఆన్ చేశాక RGB, 60 హెర్ట్జ్ రావాలి.

అంతటితో అయిపోదు. సిగ్నల్ పూర్తిగా వచ్చినా, చాలా టీవీలు లోపల మళ్లీ రంగు తగ్గించేస్తాయి. అందుకే ఇన్‌పుట్‌ల జాబితాలో ఆ హెచ్‌డీఎంఐని ఎడిట్ చేసి, గుర్తుల్లోంచి PC ఎంచుకోవాలి. పేరు మార్చినట్టే ఉంటుంది కానీ టీవీ ఆ పోర్టుని చూసే తీరే మారిపోతుంది. టాస్క్‌బార్ తెగడం కూడా చాలాసార్లు దానితోనే పోతుంది. పోకపోతే ఎల్‌జీలో Just Scan, శాంసంగ్‌లో Fit to Screen ఆన్ చేయండి. షార్ప్‌నెస్ కూడా తగ్గించండి. అది వివరం పెంచదు, అక్షరాల చుట్టూ తెల్ల అంచు గీస్తుంది.

కేబుల్ బాబాయ్: మా ఇంట్లో కేబుల్ మారిస్తేనే 60 హెర్ట్జ్ వచ్చింది కదండీ, మరి అదేంటి?

స్క్రీన్ మేస్త్రీ: అది నిజమే బాబాయ్, పాత కేబుల్ 4కె 60 మోయలేకపోవచ్చు. ల్యాప్‌టాప్ పోర్టే హెచ్‌డీఎంఐ 1.4 అయితే ఏ కేబుల్ కొన్నా లాభం లేదు. పూర్తి రంగుతో 4కె 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, మౌస్ బరువుగా కదులుతుంది. టైప్-సి పోర్టులో డిస్‌ప్లే వస్తుంటే హెచ్‌డీఎంఐ 2.0 అడాప్టర్ పెట్టుకోవచ్చు.

హాల్లో ఆఫీస్: మాది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. నేనూ PC గుర్తు పెట్టాను, ఏం మారలేదు. కాబట్టి ఇదంతా వేస్ట్.

స్క్రీన్ మేస్త్రీ: మీది వేరే సంగతండీ. మీ ప్యానెల్ 1366×768. ల్యాప్‌టాప్ 1920×1080 పంపితే టీవీ దాన్ని కుదిస్తుంది, గీతలు అక్కడే చెదిరిపోతాయి. జాబితాలో 1360×768 కనిపిస్తే పెట్టి చూడండి. ఎక్సెల్ పనికి మాత్రం ఆ టీవీ వద్దనే చెప్తాను.

ఎడిటింగ్ అక్క: 43 అంగుళాల 4కెలో అంగుళానికి దాదాపు 102 పిక్సెల్‌లు, 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92. అక్షరాల విషయంలో టీవీకి తిరుగులేదు, ఒప్పుకుంటాను. కానీ బల్ల మీద రెండడుగుల దూరంలో పెడితే మూలల్లో ఏముందో చూడటానికి రోజంతా మెడ తిప్పాలి. ల్యాప్‌టాప్ నిద్రపోతే మానిటర్ కూడా నిద్రపోతుంది. చాలా టీవీలు 'సిగ్నల్ లేదు' అంటూ వెలుగుతూనే ఉంటాయి. రోజూ ఎనిమిది గంటల పనికి నేనైతే 27 అంగుళాల మానిటరే కొంటాను.

స్క్రీన్ మేస్త్రీ: మూడడుగులు వెనక్కి జరిపి గోడకి బిగిస్తే మెడ బాధ ఉండదక్కా. ఎక్సెల్‌లో అన్ని కాలమ్‌లు ఒకేసారి కనపడటం 27లో ఎక్కడ?

ఎడిటింగ్ అక్క: అందరి గదిలో అంత జాగా ఉండాలి కదా తమ్ముడూ.

పద్దుల పని: చూశాను, YCbCr420 అనే ఉంది. ఆ సెట్టింగ్ ఆన్ చేశాక RGB అయింది. PC గుర్తు పెట్టగానే ఎర్ర అంకెలు నిలబడ్డాయి, టాస్క్‌బార్ కూడా పూర్తిగా వచ్చింది. కానీ దగ్గరికి వెళ్తే నల్ల అక్షరాల పక్కన సన్నగా ఎరుపు, నీలం అంచు కనిపిస్తోంది. ఇదేంటి?

స్క్రీన్ మేస్త్రీ: తెల్ల స్క్రీన్‌ని ఫోన్ కెమెరాతో బాగా దగ్గర నుంచి ఫొటో తీయండి. ప్రతి పిక్సెల్‌లో మూడు రంగుల సన్న గీతలు కనిపిస్తాయి. అవి ఎడమ నుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాకుండా నీలం ముందుంటే మీ ప్యానెల్ తిరగేసి ఉన్నట్టు. విండోస్ అక్షరాలు గీసేది ఎరుపు ముందున్న వరసే అనుకుని. రన్‌లో ఇది కొట్టి, మీ కంటికి నచ్చినవి ఎంచుకుంటూ వెళ్లండి:

```
cttune
```

కొన్ని యాప్‌లు దీన్ని పట్టించుకోవు. ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.