సంబంధం లేని మాటతో కొత్త ఆలోచన పుడుతుందా?

కథల శనివారం: మా ఊరి పిల్లల గ్రంథాలయంలో శనివారం సాయంత్రం కథలు చెబుతాను. వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు. ఏం ఆలోచించినా పోటీ, బహుమతి, మిఠాయి దగ్గరే ఆగిపోతున్నాను. నిఘంటువు తెరిచి కంటికి కనబడిన మాటతో ఆలోచించమని ఒకరు సలహా ఇచ్చారు. దానివల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?

గోదావరి గట్టు: ఉండదండి. పిల్లలు ఎందుకు మానేశారో వాళ్ళ అమ్మలను అడగండి. ట్యూషన్ వేళ మారి ఉంటే ఏ నిఘంటువూ మీకు ఆ సంగతి చెప్పదు. ఆలోచన కొరతకు మందు సమాచారమే.

పద్యప్రియుడు: మన అవధానంలో దత్తపది ఉన్నదే ఇందుకు కదా! పృచ్ఛకుడు పొంతన లేని నాలుగు మాటలిచ్చి, వాటితో భారత ఘట్టం మీద పద్యం చెప్పమంటాడు. ఆ మాటలే అవధానిని అలవాటైన దారి తప్పిస్తాయి. కాబట్టి తప్పక పనిచేస్తుంది. నాలుగు మాటలు తీసుకుని నాలుగూ మీ కార్యక్రమంలో ఇమిడేలా చూడండి.

పాత అచ్చుయంత్రం: పద్యప్రియుడు గారు చెప్పినది సగం నిజం. దత్తపదిలో ఇచ్చిన మాట పద్యంలో కనబడి తీరాలి. ఇక్కడ ఆ నియమం లేదు. ఆలోచన దొరికాక మాటను వదిలేయవచ్చు. ఇమిడ్చి తీరాలని పట్టుబడితే పథకం కృతకంగా తయారవుతుంది.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ఎడ్వర్డ్ డి బోనో ముఖ్యుడు. ఆయన సూచించిన ఒక ఉపాయం ఇది: అరవై నామవాచకాల పట్టిక ముందే రాసుకుని, గడియారంలో సెకన్ల ముల్లు ఎక్కడుందో చూసి ఆ సంఖ్య గల మాట తీసుకోవాలి. మాటను మనం ఎంచుకోకపోవడమే ఇందులో కీలకం. ఎంచుకుంటే మనసు తనకు తెలిసిన దారికి దగ్గరి మాటనే పట్టుకుంటుంది. నచ్చలేదని మార్చకూడదు కూడా.

మీకు "తాళం" వచ్చిందనుకుందాం. ముందు గ్రంథాలయాన్ని పక్కన పెట్టి తాళం గురించే రాయండి: లోపల ఏదో ఉందని ఊరిస్తుంది, ఒక్క చెవికే తెరుచుకుంటుంది, చెవి ఉన్న మనిషి రాకపోతే అందరూ బయట నిలబడతారు. ఆ తరువాత ఒక్కొక్కటీ మీ సమస్య పక్కన పెట్టండి. మూడోది చూడండి. కథను సగంలో ఆపి, మిగతా సగాన్ని పెట్టెలో పెట్టి, చెవి ఒక పాపకు ఇస్తే? వచ్చే వారం ఆ పాప వస్తేనే కథ ముందుకు సాగుతుంది. ఇంతవరకు మీరు "వస్తే నీకేమిస్తాను" అని ఆలోచిస్తున్నారు. ఇది "నువ్వు రాకపోతే మిగతావాళ్ళకు లోటు" అనే వైపు తిరిగింది.

తప్పు జరిగేది ఎక్కడంటే, మాట నుంచి మాటకు గెంతడంలో. తాళం, ఇనుము, పతకం, బహుమతి! మూడు గెంతుల్లో పాత ఇంటికే చేరారు. అనుమానం వస్తే ఇలా పరీక్షించండి: "గొడుగు" వచ్చినా ఇదే ఆలోచన వచ్చేదా? అవునంటే ఆ మాట మీకేమీ చేయలేదు.

ముగ్గుల వాకిలి: నాకూ ధనుర్మాసంలో ఇలాగే అవుతుందండి, ఏ ముగ్గు వేసినా నిన్నటిదే అనిపిస్తుంది. చుక్కలు మానేసి మెలికల ముగ్గు మొదలుపెడితే హుషారు వస్తుంది. మీరు అలసిపోయారు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మా.

కథల శనివారం: అలసట కాదండి, ఉత్సాహం ఉంది, దారే దొరకడం లేదు. అచ్చుయంత్రం గారూ, మాటకు బదులు బలవంతపు పోలిక తీసుకుంటే? గ్రంథాలయాన్ని మా పాలకేంద్రంతో పోల్చాను. రెండూ పొద్దున, సాయంత్రం తెరుస్తారు, రెండు చోట్లా పుస్తకంలో రాసుకుంటారు. అంతకుమించి ఏమీ తట్టలేదు.

పాత అచ్చుయంత్రం: మీరు పైకి కనబడే పోలికలు రాశారు. ఎవరు ఎవరికి ఏమిస్తున్నారో చూడండి. పాలకేంద్రానికి ఇంటింటి నుంచీ సరుకు వస్తుంది, గ్రంథాలయం నుంచి ఇళ్ళకు వెళ్తుంది. దాన్ని తిప్పితే పిల్లలు వినేవాళ్ళుగా కాక తెచ్చేవాళ్ళుగా మారతారు. నాయనమ్మ చెప్పిన కథ ఒక్కొక్కరూ ఒక పేజీ రాసి తెస్తారు, మీరు కుట్టి అలమరలో పెడతారు.

పోలిక దానంతట అది తట్టదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు గిక్, హోల్యోక్ 1980లో ప్రచురించిన ప్రయోగాల్లో, కోటను ముట్టడించే కథ చదివినవారిలో చాలామందికి అదే కిటుకుతో తీరే వైద్య సమస్య ఇచ్చినా తట్టలేదు. ఆ కథను వాడుకోమని సూచించాక ఎక్కువమందికి తట్టింది. అందుకే కూర్చుని, పట్టుబట్టి పోల్చాలి.

గోదావరి గట్టు: చెవి ఆలోచన బాగుందని ఒప్పుకుంటాను. కానీ ఆ పాపకు జ్వరం వస్తే వచ్చిన పిల్లలంతా నిరాశతో తిరిగిపోతారు, నింద ఆ పాప మీద పడుతుంది. పైగా శనివారం ట్యూషన్ ఉంటే చెవి చేతిలో ఉన్నా రాలేదు.

పాత అచ్చుయంత్రం: జ్వరం మాట నిజం. రెండు చెవులు ఇద్దరికి ఇచ్చి, ఏది తెచ్చినా తెరుచుకునేలా పెట్టవచ్చు. ట్యూషన్ సంగతి మాత్రం మీరన్నట్టు అడిగి తెలుసుకోవలసిందే. అడగడం ముందా, మాట ముందా అన్నదగ్గరే నాకు మీతో పేచీ. ముందే అడిగితే అమ్మలు చెప్పిన కారణాల గిరి దాటి ఆలోచన పోదు.

గోదావరి గట్టు: అడగకుండా పెట్టె చేయిస్తే వడ్రంగికి ఇచ్చిన డబ్బు పోతుంది. నేను ఒప్పుకోను.

కథల శనివారం: ఈ వారం పెట్టె లేదు. కథను సగంలో ఆపి, మిగతా కాగితాలను కవరులో పెట్టి ఇద్దరు పిల్లలకు చెరొక ప్రతి ఇస్తాను. ఇళ్ళకు దిగబెట్టేటప్పుడు అమ్మలను ట్యూషన్ వేళ అడుగుతాను.